తెల్లటి ఎముకలన్నీ ఫ్లోరైడ్ ఎముకలు కావు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను నల్లగొండ జిల్లాలో ఒక ఆస్పత్రిలో రేడియోగ్రాఫర్‌గా చేరి ఏడాది దాటింది. మొన్న నైట్ డ్యూటీలో, బాత్‌రూంలో జారిపడ్డ ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. తుంటి విరిగిందేమో చూడమని పెల్విస్ ఎక్స్‌రే రాశారు. విరిగినట్టు కనిపించలేదు. కానీ ఎముకలు మామూలు కంటే తెల్లగా, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. డ్యూటీ డాక్టర్‌కు చూపిస్తే, "మన దగ్గర ముసలోళ్లందరివీ ఇట్లనే ఉంటయ్, ఫ్లోరైడ్" అని నొప్పి గోళీలు రాసి ఇంటికి పంపించారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఫిల్మ్ చదివి జబ్బు చెప్పడం నా పని కాదని తెలుసు. ఇట్లాంటప్పుడు నేను ఏం చూడాలి? ఎవరికి, ఎంతవరకు చెప్పాలి?
– ఒక రేడియోగ్రాఫర్

జవాబు: తమ్ముడూ, మిగతాది చదివే ముందు ఒక పని చెయ్యి. ఆ రాత్రి రిజిస్టర్‌లో ఆ పెద్దాయన నంబరు రాసిపెట్టుకో. ఈ రోజే ఆ ఫిల్మ్ రేడియాలజిస్ట్‌కు చూపించు. మీ దగ్గర రేడియాలజిస్ట్ లేకపోతే ఎముకల డాక్టర్‌కు, ఆయనా లేకపోతే సూపరింటెండెంట్‌కు చూపించు. "రాత్రి తీసిన పెల్విస్ సార్, తెలుపు అంతటా ఒకే తీరుగా లేదు, ఒక్కసారి చూడండి" అంటే చాలు. పేషెంట్ ఇంటికి వెళ్లిపోయినా ఫిల్మ్ నీ దగ్గరే ఉంది కాబట్టి ఆలస్యమేమీ కాలేదు.

ఇక ఆ డ్యూటీ డాక్టర్ మాట. అది గాలికి అన్న మాట కాదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు మనుషుల ఎముకలు చూసిన ఏ డాక్టర్‌కైనా ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. మన కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి కరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. ఇక్కడి బోర్లలో ఎన్నో దాన్ని ఎప్పుడో దాటేశాయి. కృష్ణా నీళ్లు, తర్వాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక తాగే నీళ్లు మారాయి. కానీ ఇప్పుడు అరవై దాటిన వాళ్లు దశాబ్దాల పాటు తాగింది ఆ బోరు నీళ్లే. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మారగానే పోదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అందుకే ఈ తరం పెద్దవాళ్ల ఫిల్ములు ఇంకా కొన్నేళ్లు తెల్లగానే వస్తాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ వయసు మగవాళ్లలోనే ఎముకలను తెల్లగా చేసే ఇంకో జబ్బు ఉంది. అది ప్రోస్టేట్ క్యాన్సర్. చాలా క్యాన్సర్లు ఎముకకు పాకినప్పుడు ఎముకను తినేస్తాయి, ఫిల్మ్ మీద అక్కడ నల్లగా కనిపిస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం ఎక్కువగా ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది, కాబట్టి అక్కడ తెల్లగా కనిపిస్తుంది. అది ముందు పాకేది కూడా నడుము వెన్నుపూసలకు, కటి ఎముకలకే. ప్రోస్టేట్ చుట్టూ ఉన్న సిరలకు, వెన్నుపూసల చుట్టూ ఉన్న సిరలకు కవాటాలు లేని దారి ఒకటి ఉంది. 1940లో బాట్సన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త దాన్ని చూపించాడు. దగ్గినా ముక్కినా అందులో రక్తం వెనక్కి మళ్లుతుంది. ఫ్లోరైడ్ కూడా మొదట కనిపించేది ఈ వెన్నులోనే, ఈ కటిలోనే. రెండూ ఒకే చోట, ఒకే వయసు మనిషిలో, ఒకే రంగులో కనిపిస్తాయి. రెండిట్లోనూ నడుము నొప్పే ఉంటుంది. మన జిల్లాలో ఆ పెద్దాయనకూ, ఇంట్లోవాళ్లకూ, డాక్టర్‌కూ ముందే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు చాలాసార్లు నిజం కూడా అవుతుంది కనుక ఎవరూ రెండోసారి చూడరు.

ఈ రెంటినీ ఎలా విడదీయాలో చెప్పడానికి, మా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. అప్పటికి ఆమె కొత్తగా చేరింది, నీ వయసే ఉంటుంది. నల్లగొండ ప్రాంతంలోనే ఒక ఆస్పత్రి. అర్ధరాత్రి దాటాక క్యాజువాలిటీ నుంచి అరవై ఐదేళ్లు దాటిన ఒక రైతును స్ట్రెచర్ మీద తెచ్చారు. చీకట్లో వాకిట్లో కాలు జారిందట. స్లిప్పు మీద 'పెల్విస్ ఏపీ, కుడి తుంటి లాటరల్, ఫ్రాక్చర్ ఉందేమో' అని తప్ప ఇంకేం లేదు. రాత్రి పూట ఇలాంటివి ఎన్నో వస్తాయి, అందరూ రొటీన్ అనుకునే ఫిల్మే.

ఫిల్మ్ వచ్చాక ఆమెకు వచ్చిన మొదటి అనుమానం తన ఎక్స్‌పోజర్ మీదే. అది సరైన అనుమానం. కేవీ చాలక కిరణాలు లోపలికి దూరకపోతే తెల్లదనం మనమే తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. పాత రోజుల్లో ఫిల్మ్ మొత్తం తెల్లబడేది కాబట్టి అది వెంటనే తెలిసేది. ఇప్పటి డిజిటల్ మిషన్లలో కంప్యూటర్ వెలుగును తనే సర్దేస్తుంది. కిరణాలు తక్కువైతే తెల్లబడటానికి బదులు బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. ఆమె ఎక్స్‌పోజర్ ఇండెక్స్ చూసింది, మిషన్ చెప్పిన హద్దుల్లోనే ఉంది. తర్వాత ఎముకలు వదిలేసి కండలు చూసింది. తొడ కండరాల మధ్య కొవ్వు గీతలు స్పష్టంగా విడివిడిగా కనిపిస్తున్నాయి, గరుకు లేదు. కండ సరిగ్గా వచ్చి, ఎముక మాత్రమే తెల్లగా ఉంటే ఆ తెలుపు మనిషిలో ఉన్నదే, మిషన్‌ది కాదు. నీ ఫిల్మ్ మీద కూడా మొదట ఇదే చూడు. ఇది చూసుకోకుండా వెళ్తే ఎవరైనా నిన్ను మొదట అడిగేది "కేవీ ఎంత పెట్టినవ్" అనే.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు చాలా నచ్చింది. అంతకు ముందు వారం మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె పెల్విస్ సిస్టంలోనే ఉంది. ఆమెకు ఫ్లోరోసిస్ అని ముందే తేలింది. ఈ అమ్మాయి ఆ ఫిల్మ్ తెరిచి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

మర్రిగూడ ఫిల్మ్‌లో తెలుపు అంతటా ఒకటే. కుడి సగం, ఎడమ సగం ఒకదానికొకటి నకలు లాగే ఉన్నాయి. ఎముక లోపల మామూలుగా సన్నటి గీతల్లా కనిపించే అల్లిక, ఫ్లోరైడ్ ఎముకలో ముందు లావుగా మొరటుగా మారుతుంది, తర్వాత ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించకుండా పోతాయి. ఆమెకు అప్పటికే కలిసిపోయాయి. ఎముక అంచులు కూడా నునుపుగా లేవు, కండరాలు అతుక్కునే చోట్ల కుచ్చుల్లాగా పైకి లేచాయి. అన్నిటికంటే ముఖ్యం లిగమెంట్లు. త్రికాస్థి నుంచి కూర్చునే ఎముక దాకా వెళ్లే సాక్రోట్యూబరస్ లిగమెంట్, దాని పక్కనే ఉండే సాక్రోస్పైనస్ లిగమెంట్, ఇవి మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. ఆమె ఫిల్మ్‌లో రెండు పక్కలా తెల్లటి పట్టీల్లా కనిపించాయి. కటి కింది భాగంలో రెండు పెద్ద రంధ్రాలుంటాయి కదా, ఆ అబ్చురేటర్ రంధ్రాల అంచు నుంచి లోపలికి కాల్షియం ముళ్లు పొడుచుకొచ్చాయి. ఫ్లోరైడ్ రక్తంతో పాటు ఒంటినిండా తిరిగే పదార్థం. దానికి కుడి ఎడమ తేడా ఉండదు, ఒక మూలను వదిలి ఇంకో మూలను పట్టదు, ఎముకతో ఆగకుండా లిగమెంట్లలోకి కూడా పోతుంది.

ఈ రైతు ఫిల్మ్ అలా లేదు. ఎడమ ఇలియంలో, సాక్రోఇలియాక్ కీలు పక్కన ఒక తెల్లటి గుంపు ఉంది. కుడి ప్యూబిక్ ర్యామస్‌లో ఇంకొకటి. ఫిల్మ్ పై అంచున ఐదో నడుము పూసలో సగం తెల్లగా, సగం మామూలుగా ఉంది. పత్తి పింజలు అక్కడక్కడ అంటించినట్టు, అంచులు మసకగా. అదే కుడి ఇలియంలో ఆ చోట ఏమీ లేదు. ఇక పింజకూ పింజకూ మధ్య ఉన్న ఎముక పెద్ద వయసు వాళ్ల ఎముకలాగా పలచగానే ఉంది, దాని సన్నటి అల్లిక చక్కగా లెక్కపెట్టేటట్టు కనిపిస్తోంది. లిగమెంట్లలో ఏమీ లేదు. అబ్చురేటర్ రంధ్రాల అంచులు నున్నగా ఉన్నాయి.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది ఆ మధ్యలో ఉన్న మామూలు ఎముకనే. మచ్చలు చూసి అందరూ మచ్చల గురించే ఆలోచిస్తారు. ఫ్లోరైడ్ వల్ల తెల్లబడ్డ మనిషిలో అలా మామూలు ఎముక మిగలదు.

స్ట్రెచర్ పక్కన ఆయన కొడుకు నిలబడి ఉన్నాడు. చేతిలో పాలిథిన్ కవర్, అందులో పాత చీటీలు, పాత ఫిల్ములు. మన ఊళ్లవాళ్లు ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఈ కవర్ మరవరు, మనమే దాన్ని తెరిచి చూడం. ఆమె అడిగి తీసి చూసింది. రెండేళ్ల కింద ఎడ్లబండి మీది నుంచి పడ్డప్పుడు తీసిన ముంజేయి ఫిల్మ్ ఒకటి దొరికింది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఒక పొర ఉంటుంది. ఫ్లోరోసిస్ ముదిరిన వాళ్లలో ఆ పొర వెంట కాల్షియం పేరుకుని, ఎముక పక్క నుంచి రంపపు పళ్లలా లోపలికి వస్తుంది. ఫ్లోరోసిస్‌కు ఇంత నమ్మకమైన గుర్తు ఇంకోటి లేదు. మన దగ్గర డాక్టర్లు ఫ్లోరైడ్ అనుమానం వస్తే ముంజేయి ఎక్స్‌రే రాసేది ఇందుకే. ఆ రైతు ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఖాళీ శుభ్రంగా ఉంది. కొత్తగా ఒక్క ఎక్స్‌పోజర్ కూడా ఇవ్వకుండానే ఆమెకు ఇంత తెలిసింది. నీకు అనుమానం వచ్చింది కదా అని ముంజేయి ఒకటి, వెన్ను ఒకటి నీ అంతట నువ్వు తీయకు. డాక్టర్ రాయకుండా కిరణాలు ఇవ్వకూడదు.

కొడుకు మాటల్లో ఇంకో సంగతి దొరికింది. "ఆర్నెల్ల సంది నడుం నొప్పి అంటుండు మేడం. పగలు ఎట్లనో తిరుగుతడు, రాత్రైతే నిద్ర పోడు. బోరు నీళ్లు తాగినోళ్లం గదా, ఫ్లోరైడ్ నొప్పులే అనుకున్నం." ఫ్లోరోసిస్ నొప్పి ఏళ్ల మీద నెమ్మదిగా వస్తుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది, మెడ తిప్పలేరు, నడుము వంచలేరు. ఈయనకు ఆరు నెలల కింద ఏమీ లేదు, ఇప్పుడు రాత్రి నిద్ర లేదు. పడుకున్నా తగ్గని నొప్పి, కొత్తగా మొదలై పెరుగుతున్న నొప్పి, అరవై దాటిన మనిషి. ఈ మూడూ ఒకచోట ఉంటే ఏ డాక్టరైనా ఆగి ఆలోచించాలి.

డ్యూటీ డాక్టర్‌కు ఆమె చెప్పింది. ఆయన నీ డాక్టర్ అన్నమాటే అన్నారు. ఆ రాత్రి క్యాజువాలిటీలో పాము కాటు కేసు ఒకటి, యాక్సిడెంట్ కేసు ఒకటి ఉన్నాయి. విరగలేదంటే చాలు అన్న హడావిడిలో ఉన్నారు. ఆమె వాదించలేదు, వదిలిపెట్టలేదు కూడా. రిజిస్టర్‌లో, ఫారం వెనక ఇలా రాసింది: "ఫ్రాక్చర్ గీత కనిపించలేదు. ఎముకల తెలుపు సమంగా లేదు: ఎడమ ఇలియం, కుడి ప్యూబిక్ ర్యామస్, ఎల్5. లిగమెంట్లలో కాల్షియం కనిపించలేదు. ఎక్స్‌పోజర్ ఇండెక్స్ సరిగానే ఉంది. రేడియాలజిస్ట్ చూడగలరు. డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను." కింద టైం, సంతకం. కొడుకు ఫోన్ నంబరు కూడా రాసుకుంది.

ఆ నోట్‌లో జబ్బు పేరు లేదు చూడు. క్యాన్సర్ అని లేదు, ఫ్లోరైడ్ కాదు అని కూడా లేదు. ఎక్కడ, ఎట్లా, ఏది కనిపించింది, ఏది కనిపించలేదు, అంతే. నీ హద్దు ఎక్కడ అని అడిగావు కదా, హద్దు అదే. జబ్బు పేరు పెట్టడం, రిపోర్టు మీద సంతకం పెట్టడం రేడియాలజిస్ట్ పని. కనిపించిన దాన్ని డాక్టర్ దాకా చేర్చడం నీ పని, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్రిటన్‌లో 1980ల్లోనే రేడియోగ్రాఫర్లు అనుమానం వచ్చిన ఫిల్మ్ మీద ఒక ఎర్ర చుక్క అంటించడం మొదలుపెట్టారు. క్యాజువాలిటీలో చిన్న డాక్టర్లు ఆ చుక్క చూసి రెండోసారి జాగ్రత్తగా చూసేవారు. మన దగ్గర చుక్క పద్ధతి లేకపోయినా ఫారం వెనక తెల్ల కాగితం ఉంది.

కొడుక్కి ఆమె చెప్పింది కూడా విను: "తుంటి విరిగినట్టు కనిపిస్తలేదు. పొద్దున పెద్ద డాక్టర్ గారు ఫిల్మ్ మళ్లీ చూస్తరు. ఫోన్ వస్తే ఎత్తండి, మళ్లా రావాల్సి వస్తే రండి. కాళ్లల్ల బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా ఫోన్ కోసం ఆగకుండ వెంటనే తీసుకురండి." చివరి మాట ఆమె సొంతంగా అన్నది కాదు, డ్యూటీ డాక్టర్‌ను అడిగి ఆయన ఒప్పుకున్నాక చెప్పింది. వెన్నుపూసకు పాకిన క్యాన్సర్ వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. నొక్కడం మొదలైన గంటల్లో చికిత్స మొదలైతే నడక దక్కే అవకాశం ఉంటుంది, రెండు రోజులు ఇంట్లో పడుకుంటే దక్కకపోవచ్చు.

పొద్దున తొమ్మిదికి ఆ ఫారం నా టేబుల్ మీద ఉంది. ఫిల్మ్ చూశాను, ఫోన్ చేయించాం, మధ్యాహ్నానికి వచ్చారు. మూత్రం సంగతి అడిగితే రాత్రికి నాలుగైదు సార్లు లేస్తానని, ధార సన్నబడిందని, వయసు వల్లే అనుకున్నానని చెప్పాడు. సర్జన్ వేలితో పరీక్ష చేస్తే ప్రోస్టేట్ గట్టిగా, గడ్డలు గడ్డలుగా తగిలింది. ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే పీఎస్‌ఏ అనే ప్రొటీన్ కొలిస్తే వందల్లో వచ్చింది. హైదరాబాద్‌లో బయాప్సీ చేసి క్యాన్సర్ అని తేల్చారు. ఆ దశలో దాన్ని శరీరం నుంచి పూర్తిగా తీసేయలేరు. కానీ ఆ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుంది, దాన్ని ఆపితే చాలామందిలో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. ఆయనకు హార్మోన్ ఆపే చికిత్స ఆరోగ్యశ్రీలోనే జరిగింది. ఎముక నొప్పి కొన్ని వారాల్లోనే తగ్గింది, రాత్రి నిద్ర వచ్చింది. ఆ వానాకాలం పొలం గట్టు దాకా నడిచి వెళ్తున్నాడని కొడుకు చెప్పాడు. ఫ్లోరైడ్ అనుకుని ఇంకో ఆరు నెలలు నొప్పి గోళీలు మింగితే నడుము పూస ఏమై ఉండేదో నాకు తెలిసిన పేషెంట్లలో చూశాను.

ఈ కథ వింటే ఫిల్మ్ చూసి ఎప్పుడూ విడదీయొచ్చు అనిపిస్తుంది. అలా అనుకోకు. నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన మనిషికి ప్రోస్టేట్ క్యాన్సర్ రాకూడదని ఏమీ లేదు. ఎముకంతా ఫ్లోరైడ్‌తో తెల్లబడ్డాక దాని మీద క్యాన్సర్ మచ్చలు పడితే తెలుపులో తెలుపు కలిసిపోతుంది. అక్కడ లిగమెంట్లలో కాల్షియం కూడా ఉంటుంది, రెండు పక్కలా సమానంగా కూడా ఉంటుంది, ఫిల్మ్ చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అప్పుడు నొప్పి కథే దారి చూపించాలి. అలాంటి చోట డాక్టర్లు తప్పుదారి పట్టే రెండు పరీక్షలున్నాయి. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనేది ఎముక ఎక్కువగా కట్టుకుంటున్నప్పుడు పెరుగుతుంది, అది క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది, ఫ్లోరోసిస్‌లోనూ పెరుగుతుంది. బోన్ స్కాన్ కూడా రెంటిలోనూ వెలుగుతుంది. ముదిరిన ఫ్లోరోసిస్‌లో ఎముకల గూడంతా ఒకే తీరుగా వెలిగి, ఒళ్లంతా పాకిన క్యాన్సర్ స్కాన్ లాగే కనిపించవచ్చు. విడదీసేది పీఎస్‌ఏ, వేలితో పరీక్ష, చివరికి బయాప్సీ. పీఎస్‌ఏకు కూడా ఒక హద్దు ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగి గొట్టం వేసినా, ప్రోస్టేట్ వయసుతో పెరిగినా అది కొంత పెరుగుతుంది. కొంత పెరగడం వేరు, ఎముకల్లో మచ్చలున్న మనిషికి వందల్లో రావడం వేరు.

ఇంకా రెండు మాటలు. ఒకటే చిన్న తెల్లటి చుక్క, అంచు నుంచి ముళ్లలాంటి గీతలు చుట్టూ ఉన్న అల్లికలోకి పోతుంటే, అది ఎక్కువ సార్లు బోన్ ఐలాండ్ అనే హాని లేని ముక్క. పాత ఫిల్మ్‌లో కూడా అంతే సైజులో ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. ఇక పెద్ద వయసు ఆడవాళ్లలో ఇలాంటి మచ్చలు కనిపిస్తే రొమ్ము క్యాన్సర్ సంగతి డాక్టర్లు చూస్తారు. కిడ్నీలు పాడైన వాళ్ల వెన్నుపూసలు కూడా తెల్లబడతాయి. మన దగ్గర కిడ్నీ జబ్బు, ఫ్లోరోసిస్ కలిసి కూడా వస్తాయి, ఎందుకంటే ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే. అందుకే మా దగ్గర తెల్ల ఎముకలు కనిపిస్తే క్రియాటినిన్ కూడా రాయించేవాళ్లం.

పళ్ల మీద గోధుమ మచ్చలున్నాయి కాబట్టి ఇది ఫ్లోరైడే అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకు. పళ్ల మచ్చలు చిన్నతనంలో, పన్ను తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ల వల్ల వస్తాయి. ఆ మనిషి బాల్యం ఎక్కడ గడిచిందో అవి చెబుతాయి. ఇప్పటి నడుము నొప్పి దేని వల్లో చెప్పవు. పెళ్లయ్యాక ఈ ఊళ్లకు వచ్చిన కోడళ్లలో పళ్లు తెల్లగా ఉండి ఎముకల్లో ఫ్లోరైడ్ ఉన్నవాళ్లను నేను చూశాను.

నీ పేషెంట్ ఇంటికి ఫోన్ ఆస్పత్రి తరఫున వెళ్లాలి, డాక్టర్ చెప్పాక వెళ్లాలి. నీ సొంత ఫోన్ నుంచి నువ్వే చేసి "మచ్చలున్నయ్" అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు, వాళ్ల ప్రశ్నలకు జవాబు నీ దగ్గర ఉండదు. పేరు, నంబరు కనిపించే ఫిల్మ్‌ను ఫోటో తీసి మీ క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ఎవరి అభిప్రాయమైనా కావాలంటే పేరు పూర్తిగా కనిపించకుండా చేసి, మీ రేడియాలజిస్ట్‌కు చెప్పి పంపు. ఆ డ్యూటీ డాక్టర్‌కు కూడా ముందు నువ్వే చెప్పు: "సార్, ఆ రాత్రి ఫిల్మ్ పొద్దున మళ్లీ చూపిస్తున్న." పై నుంచి తెలిస్తే ఆయనకు బాధ కలుగుతుంది, తర్వాతి రాత్రి నువ్వు చెప్పేది వినరు.

ఇక చివరగా ఆ తుంటి. ఫ్రాక్చర్ కనిపించలేదన్నావు. పెల్విస్ ఒక్కటే తీశావా, లాటరల్ కూడా తీశావా చూసుకో. లోపలికి కూరుకుపోయిన తొడ మెడ ఫ్రాక్చర్ ఏపీలో దాక్కుంటుంది. తెల్లటి ఎముకలో మరీ దాక్కుంటుంది, ఎందుకంటే మనం వెతికే సన్నటి గీత ఆ తెలుపులో మునిగిపోతుంది. పాదం బయటికి తిరిగి ఉంటే లెస్సర్ ట్రోకాంటర్ పెద్దగా, తొడ మెడ పొట్టిగా కనిపించి ఇంకా మోసం చేస్తుంది. మామూలుగా పెల్విస్‌కు పాదాలను 15 డిగ్రీలు లోపలికి తిప్పుతాం కానీ విరిగిందన్న అనుమానం ఉన్న కాలును బలవంతంగా తిప్పలేం, కాబట్టి ఆ కష్టం మనకు ఎప్పుడూ ఉండేదే. ఆ ఫిల్మ్‌లో లెస్సర్ ట్రోకాంటర్ దగ్గర ఒక్కసారి పెద్దది చేసి చూడు. ఎదుగుతున్న పిల్లల్లో ఆటల్లో ఆ ముక్క ఊడి రావడం మామూలే. పెద్దవాళ్లలో పెద్ద దెబ్బ లేకుండా అదొక్కటే ఊడి కనిపిస్తే, అక్కడి ఎముకను క్యాన్సర్ తిన్నదేమో అని ముందు చూడాలన్నది ఎముకల డాక్టర్లందరికీ తెలిసిన నియమం. అది కనిపిస్తే రేపటి దాకా ఆగకు, ఇప్పుడే చెప్పు. అది కనిపించకపోయినా, ఫోన్ చేసినప్పుడు ఆయన ఇంకా కాలు నేల మీద మోపలేకపోతున్నాడని ఇంట్లోవాళ్లు చెబితే, ఆ మాట కూడా ఫారం మీద రాయించు. కాలు మోపలేని మనిషికి ఎక్స్‌రే బాగానే ఉన్నా సీటీ గానీ, ఎంఆర్‌ఐ గానీ కావాలి. ఎంఆర్‌ఐ తీస్తే తుంటి సంగతి తెలుస్తుంది, ఆ తెల్లమచ్చల గురించి కూడా కొంత తెలుస్తుంది.